రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ అని ఉంటే

నలభై ఏళ్ల మా పక్కింటాయన నడుం పట్టేసిందని ఎమ్మారై తీయించుకున్నారు. ‘ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్’ అన్న వాక్యం చదివి మంచం దిగడమే మానేశారు. గాలి తగ్గిన టైరు అడుగున ఉబ్బుతుంది చూడండి, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు అలా అంచు దాటి కాస్త ఉబ్బితే అదే బల్జ్. నొప్పే లేనివాళ్ల స్కాన్‌లపై వచ్చిన అధ్యయనాలను 2015లో కలిపి చూస్తే, 40 ఏళ్లవాళ్లలో సుమారు సగం మందికి ఇది ఉంది! ఆయన రిపోర్టులో అసలు చూడాల్సింది ఆ కింది వాక్యం: నరం మీద ఒత్తిడి లేదు. నొప్పి కాల్లోకి పాకడం లేదు, బొటనవేలు బలంగా పైకి లేస్తోంది. అందుకే డాక్టరు మంచం వదిలి నడవమన్నారు. కాలిలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య మొద్దుబారినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలని కూడా చెప్పారు.