రొంప తగ్గించింది బిళ్ళేనా?

రొంప పట్టిన రెండో రోజుకో, మూడో రోజుకో బాధ బాగా ముదురుతుంది. ముక్కు మూసుకుపోతుంది, తల దిమ్మెక్కుతుంది, రాత్రి నిద్ర పట్టదు. మనం మందుల షాపుకి వెళ్లేది, పెద్దవాళ్లు చెప్పిన చిట్కా మొదలుపెట్టేది సరిగ్గా అప్పుడే. ఆ తర్వాత జలుబు ఎటూ తగ్గుముఖం పడుతుంది. వైరస్‌తో వచ్చే మామూలు జలుబు వారం, పది రోజుల్లో దానంతట అదే పోతుంది. పేరు మాత్రం ఆ రోజు వేసుకున్న బిళ్ళకి దక్కుతుంది. అందుకే ‘నాకు పనిచేసింది’ అన్న మాటతో ఏ మందు సంగతీ తేలదు. కొందరికి అసలు మందు, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి, ఎవరికి ఏది అందిందో తెలియకుండా చూస్తేనే తేడా బయటపడుతుంది.

అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకులు ఎకినేసియా మీద చేసింది అదే. ఇది ఉత్తర అమెరికాలో పెరిగే ఊదారంగు పూల మొక్క. దాని వేళ్ళ సారాన్ని జలుబుకి వాడటం అక్కడ మామూలు. అప్పుడే జలుబు మొదలైన 719 మందిని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఏ బిళ్ళా ఇవ్వలేదు. ఒక గుంపుకి చెప్పి మరీ ఎకినేసియా ఇచ్చారు. మిగతా రెండు గుంపుల్లో ఒకరికి ఎకినేసియా, ఇంకొకరికి ఉత్తుత్తి బిళ్ళ, ఏదన్నది చెప్పకుండా. 2010లో ఫలితం వచ్చింది. మందు వాడినవాళ్లకి జలుబు సుమారు అర పూట నుంచి ఒక పూట ముందు తగ్గినట్టు కనబడింది కానీ, అది కాకతాళీయం కూడా కావచ్చన్నంత చిన్న తేడా. ఆ తర్వాత అదే సమాచారంలో ఇంకో విషయం బయటపడింది. ఎకినేసియా మీద ముందునుంచే గట్టి నమ్మకం ఉన్నవాళ్లను విడిగా చూస్తే, వాళ్లలో ఉత్తుత్తి బిళ్ళ మింగినవాళ్లకి, ఏమీ మింగనివాళ్లకంటే రెండున్నర రోజుల ముందే నెమ్మదించింది. నమ్మకం ఎంత పని చేస్తుందో అంత స్పష్టంగా చూపిన పరీక్షలు తక్కువ. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ మొక్కలో రకాలు వేరు, వాడే భాగం వేరు, సారం తీసే పద్ధతి వేరు. ఒక సీసాలో ఉన్నది ఇంకో సీసాలో ఉండదు. నా మటుకు దీనికి డబ్బు పెట్టను.

విటమిన్ సి కథ వేరు. రెండు నోబెల్ బహుమతులు అందుకున్న లైనస్ పాలింగ్ 1970లో దాని మీద పుస్తకం రాసిన తర్వాత ఆ బిళ్ళకి ప్రపంచమంతా గిరాకీ పెరిగింది. అప్పటి నుంచి జరిగిన పరీక్షలన్నీ కలిపి 2013లో చూశారు. రోజూ వేసుకున్నా మామూలు మనుషులకి జలుబు రావడం తగ్గలేదు. వచ్చిన జలుబు పెద్దవాళ్లలో 8 శాతం త్వరగా పోయింది. వారం రోజుల జలుబయితే అర రోజు తగ్గినట్టు. ఏడాదికి రెండు మూడుసార్లు రొంప పట్టే మనిషి 365 రోజులూ బిళ్ళ వేసుకుంటే మిగిలేది మొత్తం మీద ఒకటి, ఒకటిన్నర రోజు. జలుబు మొదలయ్యాక వేసుకుంటే, మనలో చాలామంది చేసేది ఇదే, నికరమైన లాభం కనిపించలేదు. ఒక్క మినహాయింపు ఉంది: మారథాన్ పరుగువీరులు, మంచులో కఠోర శ్రమ చేసే సైనికుల్లాంటి వాళ్లకి జలుబు రావడం సగానికి సగం తగ్గింది. ఇక ఒంటికి రోజూ కావలసిన విటమిన్ సి అంటారా, ఒక్క జామకాయలోనే అంతకు మించి ఉంటుంది.

జింకు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడ నిజంగా ఏదో ఉండవచ్చు. కానీ అది మన షాపుల్లో విటమిన్లతో కలిపి ఇచ్చే మింగుడు బిళ్ళ కాదు. పరీక్షల్లో మంచి ఫలితం ఎక్కువగా కనిపించింది చప్పరించే బిళ్ళలతో. జలుబు మొదలైన 24 గంటల లోపే మొదలుపెట్టాలి. మెలకువగా ఉన్నంతసేపూ రెండు మూడు గంటలకొకటి, నోట్లో మెల్లగా కరిగేలా చప్పరించాలి. రోజు మొత్తానికి అసలు జింకు 75 మిల్లీగ్రాములు దాటాలి. చాలామంది మోసపోయేది ఈ లెక్క దగ్గరే. పెట్టె మీద ‘జింకు గ్లూకోనేట్ 50 మి.గ్రా.’ అని ఉంటే అందులో జింకు ఏడే మిల్లీగ్రాములు, మిగతాది దానికి అంటిపెట్టుకున్న గ్లూకోనేట్. పుల్లటి రుచి కోసం సిట్రిక్ ఆమ్లం కలిపితే అది జింకును పట్టేసుకుని గొంతులో వదలనివ్వదు.

జింకు వాడితే జలుబు రెండు రోజుల దాకా తగ్గవచ్చని 2024లో పరీక్షలన్నిటినీ కలిపి చూసినవాళ్లు అన్నారు. ఆ ఆధారం బలహీనమైనదని కూడా వాళ్లే చెప్పారు. 2020లో ఫిన్లాండ్‌లో హెల్సింకి నగర ఉద్యోగులకి రోజుకి 78 మిల్లీగ్రాములు ఐదు రోజులు ఇస్తే ఏ లాభమూ కనిపించలేదు. పైగా నోరు చేదెక్కుతుంది, కడుపులో తిప్పుతుంది. ఈ మోతాదు వారం దాటి కొనసాగిస్తే ఒంట్లో రాగి తగ్గిపోయే ప్రమాదం ఉంది. ముక్కులో వేసుకునే జింకు మందులైతే ముట్టుకోకూడదు. వాటివల్ల వాసన తెలియకుండా పోయిందన్న ఫిర్యాదులు వందకు మించి రావడంతో 2009లో అమెరికా ప్రభుత్వం జనాన్ని హెచ్చరించింది. ఇక మన ఆరోగ్య కేంద్రాల్లో పిల్లలకి 14 రోజులు వేయమని ఇచ్చే జింకు మాత్రలు విరేచనాలకి. ఆ పనిలో వాటికి తిరుగులేదు. జలుబుకి మాత్రం అవి కావు.

నాలుగింటిలో నేను ధైర్యంగా చెప్పగలిగింది తేనె. జలుబు తగ్గించడానికి కాదు, పిల్లల రాత్రి దగ్గుకి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 2007లో దగ్గుతో నిద్రలేని 105 మంది పిల్లల్లో కొందరికి పడుకునే అరగంట ముందు ఒక్కసారి తేనె ఇచ్చారు, కొందరికి దగ్గుమందు, కొందరికి ఏమీ లేదు. మర్నాడు తల్లిదండ్రుల్ని అడిగితే తేనె తాగిన పిల్లలే బాగా నిద్రపోయారు. 2012లో ఇజ్రాయెల్‌లో తేనె తాగిన పిల్లల్ని, అదే రంగూ చిక్కదనం ఉన్న ఖర్జూరపాకం తాగినవాళ్లతో పోల్చారు. ఇద్దరికీ నెమ్మదించింది, తేనె వాళ్లకి కాస్త ఎక్కువ. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకి అర టీస్పూను, ఆరు నుంచి పదకొండేళ్ల వాళ్లకి ఒకటి, అంతకు పైన రెండు. పెన్సిల్వేనియాలో ఇచ్చిన మోతాదు ఇదే. పసివాళ్లకి దగ్గు సిరప్‌లు ప్రమాదమని ప్రభుత్వమే హెచ్చరిస్తున్న ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

కానీ ఏడాది నిండని బిడ్డకి తేనె చుక్క కూడా వద్దు. మన ఇళ్లలో పుట్టగానే తేనె నాకించే అలవాటు ఇంకా ఉంది. తేనెలో బొటులిజం తెచ్చే క్రిమి బీజాలు ఉండవచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో అవి పెరగలేవు, పసిబిడ్డ పేగుల్లో పెరిగి విషం తయారుచేస్తాయి. ఇంట్లో మరగబెట్టినా ఆ బీజాలు చావవు. ముందు మలబద్ధకం వస్తుంది, తర్వాత ఏడుపు సన్నబడుతుంది, పాలు పీల్చలేదు, రెప్పలు వాలిపోతాయి, మెడ నిలవదు. ఇవి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

పెద్ద పిల్లల్లోనూ తేనె ఇచ్చి ఊరుకోకూడని దగ్గు ఉంటుంది. బిడ్డ నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకి తీసి, పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఒకటి నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకి 40, రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డకి 50, ఆపైన ఉన్నా, ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతున్నా అది న్యుమోనియా కావచ్చు, తెల్లారేదాకా ఆగకుండా డాక్టరుకి చూపించాలి.