ట్రూత్ టేబుల్: జవాబుకు ముందు రెండు నిలువు వరుసలు

Y = A·B + C' సర్క్యూట్ చూద్దాం. A, B ఆండ్ గేటులోకి, C నాట్ గేటులోకి వెళ్తాయి. ఆ రెండు ఫలితాలూ ఆర్ గేటులో కలుస్తాయి. ఇన్‌పుట్లు మూడు కాబట్టి అడ్డవరుసలు 8. C కింద 0, 1 మార్చి మార్చి రాయండి. B కింద రెండేసి, A కింద నాలుగేసి. ఇలాగైతే ఏ వరుసా తప్పిపోదు.

అప్పుడే Y జోలికి వెళ్లొద్దు. ముందు A·B నింపండి: 110, 111 దగ్గరే 1 వస్తుంది. పక్కన C', అంటే C కి తలకిందులు. ఈ రెండింట్లో ఏ ఒక్కటి 1 అయినా Y కూడా 1. 110 దగ్గర రెండూ 1 అయినా ఆర్ గేటు మామూలు కూడిక చేయదు. Y 1 గానే ఉంటుంది.

చివరికి 001, 011, 101 దగ్గర మాత్రమే Y 0 కావాలి. 111 దగ్గరా సున్నా పడిందంటే, A·B ని వదిలేసి C' ఒక్కటే చూశారన్నమాట.