బుడగలు ఎముకల్ని తినవు

భోజనం బరువుగా అనిపిస్తే సోడా తాగడం మనకు పాత అలవాటే. దానికిప్పుడు ఒక భయం తోడైంది. గ్యాస్ నీళ్లు తాగితే ఎముకలు గుల్లబారతాయట, పళ్లు అరిగిపోతాయట. కూల్‌డ్రింకుల మీద పుట్టిన ఈ మాట సాదా సోడా మీదికీ పాకింది. రెండింటిలోనూ బుడగలున్నాయని ఒకే గాటన కట్టేశారు.

ముందు ఎముకల సంగతి. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో జరిగిన అధ్యయనం ఫలితాలు 2006లో వెలువడ్డాయి. రోజూ కోలా తాగే ఆడవాళ్లలో తుంటి ఎముక సాంద్రత తక్కువగా కనబడింది. కోలా కాని గ్యాస్ పానీయాలు తాగేవాళ్లలో మాత్రం ఆ తేడా లేదు. కోలాయే ఎముకను దెబ్బతీసిందని దీనితో రుజువు కాకపోవచ్చు. పాలు, పెరుగు మానేసి కోలా తాగడమూ కారణం కావచ్చు. కానీ తప్పు బుడగలదైతే అన్ని గ్యాస్ పానీయాల్లోనూ కనబడాలి కదా!

పళ్ల విషయం కాస్త వివరంగా చూడాలి. పులుపును పీహెచ్‌తో కొలుస్తారు. మంచినీళ్లది 7కు అటూఇటూ. అంకె తగ్గేకొద్దీ పులుపు పెరుగుతుంది, ఒక్కో అంకెకు పదింతలు. 5.5 దగ్గర పంటి పైపొర ఎనామిల్ కరగడం మొదలవుతుంది. సాదా సోడా 5 దగ్గరో, ఇంకాస్త కిందో ఉంటుంది. అయితే దానిలోని ఆమ్లం బలహీనమైనది, గ్యాస్ పోతే అదీ పోతుంది, మిగిలినదాన్ని లాలాజలం సర్దేస్తుంది. కోలా 2.5 దగ్గర ఉంటుంది, అంటే పులుపు వందల రెట్లు. అందులోని ఫాస్ఫారిక్ ఆమ్లం గ్యాస్‌తో పాటు ఎగిరిపోదు. పైగా 300 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 30 గ్రాముల చక్కెర, టీ చెంచాలతో ఏడెనిమిది. నోట్లోని సూక్ష్మజీవులు ఆ చక్కెరను తిని మళ్లీ ఆమ్లం చేస్తాయి. చక్కెర లేని కోలాలో ఈ రెండో దెబ్బ తప్పుతుంది గానీ మొదటిది తప్పదు.

ఇక్కడే మన నిమ్మసోడా దారి మారుతుంది. నిమ్మరసం కోలా అంత పుల్లన. అది పిండాక పళ్లకు సాదా సోడా ఇచ్చే వెసులుబాటు ఉండదు, చక్కెర కూడా వేస్తే మరీను. ఎప్పుడైనా తాగొచ్చు, కానీ గంటల తరబడి చప్పరించకుండా భోజనంతో ముగించి, నీళ్లతో పుక్కిలించాలి. వెంటనే బ్రష్ చేస్తే మెత్తబడిన ఎనామిల్ అరుగుతుంది. అరగంటైనా ఆగాలి.

కడుపు ఉబ్బరం మాత్రం నిజమైన ఫిర్యాదే. 300 మిల్లీలీటర్ల సోడా నుంచి దాదాపు లీటరు గ్యాస్ రావచ్చు. చాలావరకు త్రేన్పుగా బయటికొస్తుంది, కొంత రక్తంలో కలిసి ఊపిరితో పోతుంది. త్రేన్పు రాగానే అన్నం అరిగిందనుకుంటాం గానీ, ఆ గాలిలో ఎక్కువ భాగం సోడా తెచ్చిందే. గ్లాసులో పోసి, గ్యాస్ కొంత పోయాక నెమ్మదిగా తాగితే ఇబ్బంది తగ్గుతుంది. గుండెల్లో మంట ఉన్నవాళ్లకు మానడమే మేలు. సోడా మానేసి రెండు వారాలైనా ఉబ్బరం తగ్గకపోతే కారణం వేరే ఉంది, డాక్టరుకు చూపించుకోవాలి.