తెల్ల కాగితం మీద వేలిముద్ర: పనిలో గాయపడిన కార్మికుడికి రావలసిన పరిహారం

మూడేళ్ల కిందట మా బడిలో ఏడో తరగతి చదివే కుర్రవాడు నెలరోజులు రాలేదు. కనుక్కుంటే, వాళ్ల నాన్నకు అపార్ట్‌మెంటు కడుతున్నచోట ప్రమాదం జరిగిందన్నారు. కాంక్రీటు కలిపే మిల్లరు శుభ్రం చేస్తుండగా కుడిచేయి పళ్ల చక్రంలో పడి నలిగిపోయింది. డాక్టర్లు మణికట్టు దగ్గర తీసేశారు. నేను చూడటానికి వెళ్తే ఆయన అన్న మాట ఇది: "సార్, కాంట్రాక్టరు మంచోడే. ఆస్పత్రి ఖర్చు 52 వేలు కట్టాడు, చేతికి 28 వేలు ఇచ్చాడు. ఇంకేమీ అడగనని కాగితం మీద ఎడమచేతి వేలిముద్ర వేయించుకున్నాడు."

ఆ 80 వేలతో విషయం ముగిసిందని ఆ ఇంట్లో అందరూ నమ్మారు. నిజానికి చట్టం ప్రకారం ఆయనకు రావలసింది 10 లక్షలు దాటింది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కొక్క మెట్టుగా చూద్దాం.

పని చేస్తుండగా, పని కారణంగా గాయపడితే పరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం వచ్చింది. దాన్నే ఉద్యోగుల పరిహార చట్టం అంటున్నాం. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చినా, పరిహారం కట్టే పద్ధతి అదే. ఈ ప్రమాదం అంతకుముందు జరిగింది కాబట్టి పాత చట్టమే వర్తిస్తుంది.

లెక్కకు మూడు అంకెలు కావాలి. మొదటిది నెల జీతం. ఆయనకు నెలకు 18 వేల దాకా వచ్చేది. కానీ 2020 జనవరి నుంచి లెక్కలోకి తీసుకునే జీతానికి 15 వేలే పరిమితి. రెండోది వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకం. 35 ఏళ్లవారికి అది 197.06. వయసు తక్కువైతే గుణకం పెరుగుతుంది, ఎందుకంటే పోయిన సంపాదన సంవత్సరాలు ఎక్కువ. మూడోది గాయం శాతం. బొటనవేలు పోతే 30, చేయి మణికట్టు దాకా పోతే 60 అని చట్టం చివరి పట్టికలో ఉంది.

పూర్తిగా పనికిరాకుండా పోతే జీతంలో 60 శాతాన్ని గుణకంతో హెచ్చించాలి. 15 వేలలో 60 శాతం 9 వేలు. దాన్ని 197.06తో హెచ్చిస్తే 17,73,540 రూపాయలు. చేయి పోయినందుకు అందులో 60 శాతం, అంటే 10,64,124 రూపాయలు. ఒకవేళ ఆయన చనిపోయి ఉంటే 60కి బదులు 50 శాతంతో లెక్కకట్టి, ఆయన మీద ఆధారపడినవారికి 14,77,950 రూపాయలు రావలసి ఉండేది. ఆస్పత్రి ఖర్చు వేరు. దాన్ని యజమాని భరించాలి తప్ప పరిహారంలోంచి కోయకూడదు. కాబట్టి కాంట్రాక్టరు కట్టిన 52 వేలు లెక్కలోకే రావు.

మరి ఆ వేలిముద్ర? హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చే ఒప్పందం చెల్లదని చట్టమే చెబుతోంది. రాజీ కుదిరినా దాన్ని పరిహార కమిషనర్ దగ్గర నమోదు చేయాలి. మొత్తం తక్కువగా ఉందనిపిస్తే ఆయన నమోదుకు ఒప్పుకోకపోవచ్చు. కార్మిక శాఖ అధికారే ఈ పరిహార కమిషనర్‌గా వ్యవహరిస్తారు. జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో అడిగితే ఎవరి దగ్గరికి వెళ్లాలో చెబుతారు.

కాంట్రాక్టరు మరో మాట కూడా అన్నాడట: "మిల్లరు ఆపకుండా చేయి పెట్టాడు, తప్పు అతనిదే." ఇది చాలాచోట్ల వినిపించే మాట. అజాగ్రత్త ఉన్నంత మాత్రాన పరిహారం పోదు. మద్యం మత్తులో ఉండటం, భద్రత కోసం పెట్టిన నియమాన్ని కావాలని ఉల్లంఘించడం, రక్షణ పరికరాన్ని కావాలని తీసేయడం వంటి కారణంగా ప్రమాదం జరిగితేనే యజమాని తప్పించుకోగలడు. ప్రాణం పోయినా, శాశ్వతంగా పూర్తి అంగవైకల్యం వచ్చినా ఆ సాకులు కూడా పనికిరావు.

ఇక బీమా సంగతి. పరిహారం ఇవ్వవలసింది యజమానే. ఆయన తన కోసం ఉద్యోగుల పరిహార పాలసీ తీసుకుంటే బీమా కంపెనీ కడుతుంది. తీసుకోకపోతే సొంత జేబులోంచి కట్టాలి. "పాలసీ లేదు కాబట్టి ఏమీ రాదు" అనేది అబద్ధం. కాంట్రాక్టరు కనిపించకుండా పోయినా దారి ఉంది. కట్టడమే వ్యాపారంగా ఉన్న బిల్డరు ఆ పనిని కాంట్రాక్టుకు ఇస్తే, ఆ బిల్డరునూ అడగవచ్చు. సొంత ఇల్లు కట్టించుకునే మామూలు గృహస్థుకు ఇది వర్తించదు, అక్కడ కాంట్రాక్టరే బాధ్యుడు.

ఫ్యాక్టరీలో దారి వేరు. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలో నెలకు 21 వేలలోపు జీతం ఉన్నవారిని ఈఎస్ఐలో చేర్చడం యజమాని విధి. జీతంలో కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఈఎస్ఐ కిందికి వచ్చేవారు పరిహార చట్టం కింద విడిగా అడగలేరు, ఈఎస్ఐ నుంచే తీసుకోవాలి. చికిత్సతోపాటు, పనికి వెళ్లలేని రోజులకు జీతంలో 90 శాతం ఇస్తారు. శాశ్వత వైకల్యానికి జీవితాంతం నెలనెలా వస్తుంది. పనిలో చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా ఈ ప్రయోజనం ఉంటుంది. అందుకే పనిలో చేరగానే ఈఎస్ఐ నంబరు అడిగి తీసుకోవాలి.

మా కుర్రవాడి నాన్న దరఖాస్తు పెట్టేసరికి ప్రమాదం జరిగి 22 నెలలైంది. గడువు రెండేళ్లే కాబట్టి అంచున బయటపడ్డాడు. చేతిలో హాజరు పుస్తకం లేదు, జీతం చీటీ లేదు. ఆస్పత్రిలో రాసిన మెడికో లీగల్ రికార్డు, మేస్త్రీ ఫోన్లో వేసిన వారపు కూలి వివరాలు, తోటి కూలీలు ఇద్దరి సాక్ష్యం ఆదుకున్నాయి. గాయపడిన రోజే "పనిచేస్తుండగా మిల్లరులో చేయి పడింది" అని ఆస్పత్రి కాగితంలో రాయించడం ఎంత ముఖ్యమో అప్పుడు అర్థమైంది. "ఇంట్లో జారిపడ్డాడు" అని రాయించమని అడిగేవారు ఉంటారు. ఒప్పుకోకూడదు.

కమిషనర్ 10,64,124 రూపాయలు, దానిమీద ప్రమాదం నాటి నుంచి ఏడాదికి 12 శాతం వడ్డీ ఇవ్వాలని ఆదేశించారు. నెలలోగా కట్టకుండా అకారణంగా ఆపితే సగం దాకా జరిమానా కూడా వేయవచ్చు. డబ్బు కట్టకపోతే భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేస్తారు.

ఒక్కటి మాత్రం చేజారింది. ఇనుప కడ్డీలు వంచి కట్టడం ఆయన అసలు పని. ఒంటిచేత్తో అది సాధ్యం కాదు. ఎడమచేయి పోయిన ఒక వడ్రంగి విషయంలో సుప్రీంకోర్టు 1975లో, అతని పనికి అది పూర్తి వైకల్యమేనని చెప్పింది. అలా అడిగి ఉంటే 17,73,540 వచ్చే వీలుండేది. కానీ పని స్వభావాన్ని వివరిస్తూ డాక్టరు చేత రాయించలేదు, సాక్ష్యం చెప్పించలేదు. ఇలాంటి గాయం మీవారికి తగిలితే డాక్టరుకు మొదట చెప్పవలసింది ఆ చేత్తో ఏ పని చేసేవాడో.