మరచెంబు ఇచ్చిన అత్తయ్యకు ఉత్తరం

పెళ్లయ్యాక చదివింపుల పుస్తకాన్ని బీరువాలో పెట్టేస్తాం. ఎవరు ఏమి చదివించారో మళ్లీ వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడే చూసుకుంటాం. కానీ కానుక ఇచ్చినవాళ్లకు ఉత్తరం రాయాలంటే మొదట తీయాల్సింది ఆ పుస్తకాన్నే.

ఒక పేజీలో 'పార్వతీపురం అత్తయ్య, ఇత్తడి మరచెంబు' అని ఉందనుకుందాం. ఆవిడ పెళ్లికూతురి నాన్నగారికి పిన్ని కూతురు. ఆవిడకు మామూలుగా వెళ్లే సందేశం ఇలా ఉంటుంది: "మా వివాహానికి విచ్చేసి, విలువైన కానుక అందజేసినందుకు హృదయపూర్వక ధన్యవాదాలు. మీ ఆశీస్సులు ఎల్లప్పుడూ మాపై ఉండాలని కోరుకుంటున్నాం."

తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ పైన పేరు మార్చి మిక్సీ ఇచ్చిన బాబాయికీ ఇదే పంపొచ్చు. మరచెంబు ఊసే లేదు కాబట్టి, అసలు విప్పి చూశారో లేదోనని ఆవిడకు అనుమానం మిగులుతుంది.

దీన్ని తిరగరాయడానికి పెద్ద పదాలు అక్కర్లేదు. కానుకను చేతిలోకి తీసుకుని చూడాలి, దాని సంగతి అమ్మానాన్నలను అడగాలి. అప్పుడు ఉత్తరం ఇలా వస్తుంది:

"అత్తయ్యకు నమస్కారాలు. మీరిచ్చిన మరచెంబు మూత తిప్పి చూస్తే లోపల కొత్త కళాయి తళతళలాడుతోంది. మాకోసం కళాయి వేసే మనిషిని వెతికి పట్టుకుని మరీ వేయించారని నాన్న చెప్పారు. వ్రతానికి అన్నవరం వెళ్లినప్పుడు రైల్లో అందులో నీళ్లే తాగాం. పందిట్లో మీతో నాలుగు మాటలు మాట్లాడటం కుదరలేదు. నాన్న చిన్నప్పటి కబుర్లు మీ నోటే వినాలని ఉంది. మీ మేనకోడలు, అల్లుడు."

ఇందులో ప్రాణం కళాయి మాటలో ఉంది. అది ఆవిడ పడిన శ్రమ. ఎవరికీ కనిపించలేదనుకున్న ఆ శ్రమను మేనకోడలు గుర్తించింది. 'విలువైన' అన్న మాట ధరను గుర్తుచేస్తుందే తప్ప ఈ పని చేయలేదు. ఆ తర్వాతి విలువ అన్నవరం వాక్యానిది. వస్తువు వాడకంలోకి వచ్చిందని దానివల్లే తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఆప్యాయత కోసం కల్పించి రాయకూడదు. ఇంకా వాడకపోతే వంటింట్లో ఎక్కడ పెట్టారో చెబితే చాలు. మనిషి సరిగా గుర్తులేకపోతే గుర్తున్నట్టు నటించకుండా, నాన్న ఆవిడ గురించి చెప్పిన మాట రాయొచ్చు. వెళ్లే ఉద్దేశం లేనప్పుడు "పండక్కి వస్తాం" అనొద్దు, ఆవిడ నిజంగానే ఎదురుచూస్తుంది. డబ్బు చదివించినవాళ్లకైతే ఎంత ఇచ్చారన్నది వదిలేసి, దాంతో ఏం కొనుక్కున్నారో రాయాలి.

అందరికీ ఒకేసారి రాయనక్కర్లేదు. ఈ వారం ఆ పుస్తకం తీసి, దూరప్రయాణం చేసి వచ్చిన ఒక్క చుట్టానికి రాయండి.