మందుల పార్సిల్ విప్పగానే ఏం చూడాలి?

ఆన్‌లైన్‌లో మందులు తెప్పించుకున్నాక చాలామంది రాసే రివ్యూ ఒక్క ముక్కే: "త్వరగా వచ్చాయి, ప్యాకింగ్ బాగుంది." చీరకో చెప్పులకో అది సరిపోతుంది. మందుకు చాలదు. మందు పాడైతే రంగు మారాలని లేదు, వాసన రావాలని లేదు. వేసుకున్నాక బీపీ తగ్గకపోతేనో, షుగర్ దిగకపోతేనో తప్ప తెలియదు. అందుకే పార్సిల్ చేతికి అందిన తొలి పది నిమిషాల్లో చేసే పరిశీలనే అసలైన రివ్యూ.

నరసరావుపేటలో మా అమ్మ కోసం మే నెలలో తెప్పించిన ఒక ఆర్డర్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. బీపీకి టెల్మిసార్టన్ మాత్రలు తొంభై, అంటే పదిహేనేసి మాత్రలున్న ఆరు స్ట్రిప్పులు. షుగర్‌కు పెన్నులో వేసే గ్లార్జిన్ ఇన్సులిన్ కార్ట్రిడ్జ్‌లు. మాత్రలు ఒక పెట్టెలో, ఇన్సులిన్ వేరే పెట్టెలో వచ్చాయి.

ముందు సీలు సంగతి. పైపెట్టె మీద అతికించిన టేపు చిరగలేదంటే దారిలో ఎవరూ పెట్టె తెరవలేదని మాత్రమే అర్థం. లోపలి మందు గురించి అది చెప్పేదేమీ లేదు. చూడాల్సిన సీలు కంపెనీ వేసినది. స్ట్రిప్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని వెనక రేకు మీద సూదిమొన అంత రంధ్రమైనా ఉందేమో చూడాలి. ఏ మాత్ర గూడైనా నొక్కుకుపోయి ఉందా, మాత్ర లోపల పొడి రాలిందా అని చూడాలి. సీసాలో వచ్చే మందైతే మూత కింది రింగు తెగకుండా ఉండాలి. కత్తిరించిన స్ట్రిప్ ముక్క వస్తే మరీ జాగ్రత్త. గడువు తేదీ స్ట్రిప్‌కు ఒక అంచునే అచ్చవుతుంది కాబట్టి ఆ అంచు మనకు రాకపోవచ్చు. మొత్తం స్ట్రిప్పుల లెక్కన ఆర్డర్ పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది.

తర్వాత బిల్లు చేతిలోకి తీసుకోవాలి. యాప్ పేరు ఒకటి, బిల్లు మీద మందుల షాపు పేరు ఇంకొకటి ఉండటం మామూలే. మనకు మందు అమ్మింది బిల్లు మీదున్న ఆ లైసెన్సు గల షాపే. షాపు లైసెన్సు నంబరు, ప్రతి మందుకూ బ్యాచ్ నంబరు, గడువు నెల బిల్లులో ఉన్నాయా అని చూసి, ఒక్కో స్ట్రిప్‌నూ దానితో పోల్చాలి. అమ్మ మాత్రల్లో తేడా అక్కడే బయటపడింది. బిల్లులో ఆరు స్ట్రిప్పులకూ ఒకే బ్యాచ్ రాశారు. చేతిలో మాత్రం నాలుగు ఆ బ్యాచ్‌వి, రెండు వేరే బ్యాచ్‌వి. ఆ రెండింటి గడువు అదే ఏడాది జులై.

జులై అని నెల మాత్రమే ఉంటే ఆ నెల ఆఖరి రోజు దాకా వాడుకోవచ్చని అర్థం. కానీ గడువు దాటలేదు కదా అని ఊరుకుంటే చాలదు, మన వాడకం ఎప్పటికి పూర్తవుతుందో లెక్క కట్టాలి. రోజుకు ఒక మాత్ర చొప్పున మే 10న మొదలుపెడితే మేలో 22, జూన్‌లో 30, జులైలో 31 కలిపి 83 మాత్రలు అయిపోతాయి. ఆరు స్ట్రిప్పులూ జులై గడువువే అయి ఉంటే ఏడు మాత్రలు గడువు దాటాక మిగిలేవి. రెండే కాబట్టి వాటిని ముందు వాడితే జూన్ 8కే అయిపోతాయి. ఇబ్బంది లేదు. ఆ రెండు స్ట్రిప్పుల మీద స్కెచ్ పెన్నుతో 'ముందు ఇవి' అని రాసి అమ్మ మందుల డబ్బాలో పైన పెట్టాం. అయినా బ్యాచ్ తేడాను షాపుకు చెప్పాల్సిందే. రేపు ఏదైనా బ్యాచ్ నాణ్యత పరీక్షలో తప్పిందని ప్రకటిస్తే, మన దగ్గర ఉన్నది అదేనా కాదా అని తేల్చేది ఆ నంబరే.

ఇక డెలివరీ వేగం. మాత్రలు మర్నాడే వచ్చాయి. అవి ఇంకో రోజు ఆలస్యమైనా నష్టం లేదు. ఇన్సులిన్ అలా కాదు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడకం మొదలుపెట్టాక గ్లార్జిన్‌ను 30 డిగ్రీలకు మించని చోట 28 రోజుల దాకా బయట ఉంచుకోవచ్చు. మా పెట్టె ఉదయం తొమ్మిదికి డెలివరీకి బయలుదేరినట్టు ట్రాకింగ్‌లో కనిపించింది. చేతికొచ్చింది సాయంత్రం నాలుగుకు. పల్నాడు మే ఎండలో ఏడు గంటలు బండి మీద తిరిగిందన్నమాట. థర్మోకోల్ పెట్టె తెరిస్తే జెల్ ప్యాక్ మొత్తం కరిగి గోరువెచ్చగా ఉంది. కార్ట్రిడ్జ్‌లు నీళ్లలా తేటగానే ఉన్నాయి. మోసపోయేది ఇక్కడే. గ్లార్జిన్ మబ్బుగా మారినా, నలకలు కనిపించినా పారేయాలి గాని, తేటగా ఉన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు. వేడికి బలం తగ్గిన ఇన్సులిన్ కంటికి ఎప్పటిలాగే కనిపించవచ్చు. దీనికి ఉల్టా ప్రమాదమూ ఉంది. గట్టిగా గడ్డకట్టిన ఐస్ ప్యాక్ కార్ట్రిడ్జ్‌కు నేరుగా ఆనుకుని ఉంటే ఇన్సులిన్ గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టినది కరిగాక కూడా పనికిరాదు. రెంటికీ మధ్య అట్టముక్కో గుడ్డో అడ్డం ఉందా అని చూడాలి.

వెంటనే ఫొటోలు తీసి కస్టమర్ కేర్‌కు రాశాను. "సీలు బాగుంది కదండీ, వాడుకోవచ్చు" అని మొదట జవాబొచ్చింది. అది మందు తెలిసినవాళ్లు చెప్పే మాట కాదు. "మీ ఫార్మసిస్టుతో మాట్లాడించండి" అని అడిగితే గంటలోపు ఒకామె ఫోన్ చేశారు. జెల్ ప్యాక్ గట్టిగా ఉందా మెత్తగా ఉందా, డెలివరీ ఎన్నింటికి అయింది, ఇప్పుడు ఎక్కడ పెట్టారు అని వరసగా అడిగారు. "ఎంత వేడి తగిలిందో మనకు తెలియదు కాబట్టి అమ్మగారికి ఇవి ఇవ్వకండి. ఫ్రిజ్‌లో పాతవాటితో కలవకుండా విడిగా పెట్టండి, వెనక్కి తీసుకుంటాం" అన్నారు. డబ్బు తిరిగొచ్చింది. మాత్రల బిల్లు కూడా రెండు బ్యాచ్‌లూ చూపిస్తూ సరిచేసి పంపారు.

అంత సూటిగా జవాబు రావాలంటే మన ప్రశ్న కూడా సూటిగా ఉండాలి. ఆర్డర్ నంబరు, బ్యాచ్ నంబరు, పార్సిల్ అందిన సమయం, పెట్టె తెరుస్తున్నప్పటి ఫొటోలు ఒకే సందేశంలో పంపాలి. చల్లగా ఉంచాల్సిన మందులను ఒకసారి తీసుకున్నాక వెనక్కి తీసుకోమనే సంస్థలూ ఉన్నాయి. అందుకే వాటిని డెలివరీ అబ్బాయి ఉండగానే విప్పి చూడటం మేలు. జవాబే రాకపోతే చట్టం ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. అప్పటికీ కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. మందు నకిలీదేమో అన్న అనుమానం ఉంటే మాత్రం దాన్ని పారేయకుండా, బిల్లుతో సహా మీ ప్రాంతంలోని డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి.

ఈ ఆర్డర్ మీద నా తీర్పు ఇది. మాత్రలకు ఆ సంస్థ దగ్గరకు మళ్లీ వెళ్తాను, బిల్లు మాత్రం ప్రతిసారీ స్ట్రిప్పులతో పోల్చుకుంటాను. ఇన్సులిన్ మాత్రం ఎండాకాలంలో ఆన్‌లైన్‌లో తెప్పించను. ఫ్రిజ్ ఉన్న ఊళ్లోని మందుల షాపులో కొని, చల్లటి సంచిలో పెట్టుకుని నేరుగా ఇంటికి తెచ్చుకుంటాం. మీరు రివ్యూ రాసేటప్పుడు కూడా ఎన్ని గంటల్లో వచ్చిందో రాసి ఆపేయకండి. గడువు ఎన్ని నెలలుంది, బ్యాచ్ బిల్లుతో కలిసిందా, జెల్ ప్యాక్ చల్లగా ఉందా, అడిగితే ఫార్మసిస్టు మాట్లాడారా అన్న నాలుగూ రాయండి. తర్వాత ఆర్డర్ పెట్టే మరో ఇంటివాళ్లకు పనికొచ్చేవి అవే.