4.3 బార్‌కోడ్ లేబులుకు సంఖ్యలను సిద్ధం చేయడం

ఒక గ్రంథాలయంలోని పుస్తకాల పరిగ్రహణ సంఖ్యలు ఎక్సెల్ పట్టికలో A2 గడి నుంచి కిందికి ఉన్నాయనుకోండి. వాటిని కోడ్ 39 ఫాంటుతో బార్‌కోడ్ లేబుళ్లుగా ముద్రించాలి. ఫాంటు మార్చడానికి ముందు ప్రతి సంఖ్యకు రెండు పనులు చేయాలి.

నిర్ణీత పొడవు: లేబులుపై 8 అంకెలు ఉండాలని నిర్ణయించుకున్నాం. 457వ పుస్తకానికి ఎడమవైపు ఐదు సున్నాలు చేర్చితే 00000457 అవుతుంది. కోడ్ 39లో ప్రతి అక్షరం ఒకే వెడల్పు తీసుకుంటుంది కాబట్టి లేబుళ్లన్నీ సమానంగా వస్తాయి. అంతకంటే ముఖ్యంగా, స్కానర్ పంపినది 8 అంకెలు కాకపోతే సాఫ్ట్‌వేర్ దాన్ని తిరస్కరించగలదు.

ఆరంభ, ముగింపు గుర్తులు: కోడ్ 39లో ఈ రెండింటికీ నక్షత్రం గుర్తునే వాడతారు. చారలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో స్కానర్ దీనితోనే గుర్తిస్తుంది. సాధారణంగా కంప్యూటరుకు మాత్రం నక్షత్రాలను పంపదు, 00000457 అనే పంపుతుంది. ఈ గుర్తులు లేకుండా ముద్రించినా చారలు చూడటానికి సరిగానే ఉంటాయి, కానీ స్కానర్ వాటిని చదవదు.

B2 గడిలో ఈ సూత్రం రాయండి:

```
="*"&TEXT(A2,"00000000")&"*"
```

ఫలితం `*00000457*`. ఇప్పుడు B నిలువు వరుసకు కోడ్ 39 ఫాంటును ఇవ్వండి.

ఇక్కడ ఒక పొరపాటుకు అవకాశం ఉంది. A2 గడి ఫార్మాట్‌ను మాత్రమే 00000000గా మార్చితే తెరపై సున్నాలు కనిపిస్తాయి, కానీ గడిలోని విలువ 457గానే ఉంటుంది. దానికి `&`తో నక్షత్రాలు కలిపితే `*457*` వస్తుంది. అందువల్ల TEXT తప్పనిసరి.

కొందరు TEXTకు బదులు `RIGHT("00000000"&A2,8)` వాడతారు. ఇందులో ప్రమాదం ఉంది. పట్టికలో పొరపాటున 100000457 అనే 9 అంకెల సంఖ్య పడితే, ఇది మొదటి అంకెను చెప్పకుండానే తీసేసి 00000457 ఇస్తుంది. అప్పుడు రెండు పుస్తకాలకు ఒకే లేబులు వస్తుంది. ఒక పాఠకుడు తిరిగి ఇచ్చిన పుస్తకం మరొకరి ఖాతాలో జమ అవుతుంది. TEXT అంకెలను కత్తిరించదు, కాబట్టి తప్పు పొడవులో బయటపడుతుంది. C2లో ఈ పరీక్ష పెట్టండి:

```
=LEN(B2)=10
```

8 అంకెలు, 2 నక్షత్రాలు కలిసి 10. FALSE వచ్చిన వరుసలను సరిచేశాకే ముద్రించండి. 457A వంటి అక్షరం కలిసిన సంఖ్యలకు TEXT సున్నాలు చేర్చదు. అవి కూడా ఇక్కడే పట్టుబడతాయి.

చివరగా, స్కాన్ చేసిన సంఖ్యను నిల్వచేసే డేటాబేస్ ఫీల్డు టెక్స్ట్ రకంగా ఉండాలి. సంఖ్యా రకమైతే ముందున్న సున్నాలు పోయి, లేబులుతో రికార్డు సరిపోలదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

A2లో 6025 ఉంటే B2లో ఏమి వస్తుంది? C2 ఏమి చూపుతుంది?

జవాబు: `*00006025*`, TRUE.